మాడిపోయిన బల్బు, ట్యూబ్‌లైటు మీది రాతలు చదివి సరిపోయే ఎల్‌ఈడీ తెచ్చుకోవడం ఎలా

పాత బల్బు పట్టుకుని షాపుకి వెళ్తే కుర్రాడు క్యాప్ చూసి, "తొమ్మిదా, పన్నెండా?" అని అడుగుతాడు. అతనికి కావలసినవి రెండే: పిన్ను టైపా మర టైపా, ఎన్ని వాట్లు. మామూలు పిన్ను బల్బుకి ఆ రెండు ముక్కలు చాలాసార్లు సరిపోతాయి. సరిపోని చోట మాత్రం కొత్త బల్బు పెట్టగానే మాడుతుంది, లేదా గది మసకగా ఉండిపోతుంది. ట్యూబ్‌లైటు విషయంలో ఎంసీబీ పడిపోతుంది. అందుకే కొనే ముందు పాతదాని మీద మూడు సంగతులు చూడాలి. హోల్డర్‌లో కూర్చుంటుందా, మన కరెంటుకి తట్టుకుంటుందా, పాతదంత వెలుగు ఇస్తుందా. ఈ వరుసలోనే చూడండి.

ముందు స్విచ్ ఆపి, బల్బు తీసి చేతిలో పెట్టుకోండి

స్విచ్ ఆపితే చాలని అనుకోకండి. పాత ఇళ్ళలో చాలాచోట్ల స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద వేసి ఉంటుంది. అలాంటప్పుడు లైటు ఆరినా హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. ఆ గదికి సంబంధించిన ఎంసీబీ దించండి. చాలాసేపు వెలిగిన బల్బు అయితే పది నిమిషాలు చల్లారనివ్వండి. ఎల్‌ఈడీలో కూడా తెల్ల డోమ్ చల్లగా ఉన్నా క్యాప్ దగ్గరి భాగం కాలుతుంది.

బల్బు మెడ మీద, అంటే క్యాప్‌కి కాస్త పైన, చిన్న అక్షరాలు ఉంటాయి. ఎల్‌ఈడీ బల్బు మీద మామూలుగా ఇలా కనిపిస్తుంది:

```
9W  220-240V~ 50Hz
B22d  6500K  900 lm
```

ఇందులో మొదట చూడాల్సింది `B22d`. `B` అంటే పిన్ను టైపు, అంటే నొక్కి తిప్పి పెట్టే క్యాప్. `22` అంటే క్యాప్ అడ్డకొలత మిల్లీమీటర్లలో. చివరి `d` అంటే క్యాప్ అడుగున కరెంటు తాకే బొడిపెలు రెండు ఉన్నాయని. మన ఇళ్ళలో గోడ హోల్డర్లు, వేలాడే హోల్డర్లు దాదాపుగా ఇవే. `E27` అయితే మర టైపు, మర అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. `E14` కూడా మరదే, కానీ సన్నది. షాండిలియర్లలో, ఫ్యాన్సీ గోడ లైట్లలో, కొన్ని ఫ్రిజ్‌లలో ఇది ఉంటుంది. సీలింగ్‌లోకి దిగిన చిన్న స్పాట్ లైట్లలో `GU10` కనిపిస్తుంది. దానికి అడుగున లావు తలలున్న రెండు పిన్నులు 10 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి, తిప్పితే తాళం పడుతుంది.

రాతలు చెరిగిపోతే కంగారు పడకండి. ఒక దారం తీసుకుని క్యాప్ లోహం చుట్టూ ఒక చుట్టు చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. దాదాపు 7 సెంటీమీటర్లు వచ్చి పక్కన రెండు చిన్న పిన్నులు ఉంటే `B22d`. మర ఉండి ఎనిమిదిన్నర వస్తే `E27`, నాలుగున్నరకి కాస్త లోపు వస్తే `E14`. కంటితో చూసి చెప్పడం కన్నా ఇదే నమ్మకం. ముఖ్యంగా పిన్ను టైపులో `B15d` అని 15 మిల్లీమీటర్ల చిన్న క్యాప్ కూడా ఉంది. విడిగా చూస్తే మామూలుదే అనిపిస్తుంది, హోల్డర్‌లో పెడితే జారిపోతుంది.

క్యాప్ కుదిరినంత మాత్రాన కరెంటు కుదిరినట్టు కాదు

రెండో చూపు వోల్టేజీ మీద. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, కాబట్టి బల్బు మీద `220-240V` గానీ, ఇంకా విశాలంగా `100-300V` అని గానీ ఉండాలి. సాయంత్రం పూట వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్ళలో ఈ రెండోది నిజంగా పనికొస్తుంది. మొదటి రకం అక్కడ మినుకుమినుకుమంటుంది, రెండోది అదే వెలుగుతో నిలబడుతుంది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సినవి రెండున్నాయి. మొదటిది సోలార్ బల్బు. సోలార్ ప్యానెల్, బ్యాటరీ సెట్ల కోసం 12 వోల్టుల డీసీ బల్బులు అమ్ముతారు. వాటికీ అదే `B22d` పిన్ను క్యాప్ పెడతారు. చూడటానికి మామూలు 9 వాట్ల బల్బులాగే ఉంటుంది. మెడ మీద మాత్రం `12V DC` అని ఉంటుంది. దాన్ని ఇంటి హోల్డర్‌లో పెడితే స్విచ్ వేసిన క్షణంలోనే పోతుంది, ఒక్కోసారి లోపలి భాగాలు చిట్లి పొగ వస్తుంది. ఇంట్లో సోలార్ లైట్లు, మామూలు లైట్లు రెండూ ఉంటే విడి బల్బులు ఒకే డబ్బాలో పెట్టకండి.

రెండోది అమెరికా నుంచి పెట్టెలో వచ్చే ఫ్యాన్సీ బల్బు, టేబుల్ ల్యాంప్. అక్కడి మర `E26`. మన `E27` హోల్డర్‌లో అది చక్కగా ఎక్కుతుంది, ఒక మిల్లీమీటరు తేడా చేతికి తెలియదు. కానీ అది 120 వోల్టుల బల్బు. మన కరెంటు దానికి దాదాపు రెట్టింపు. ల్యాంప్ స్టాండు మాత్రం పనికొస్తుంది. దాని వైరు, ప్లగ్గు బాగుంటే ప్లగ్గు మార్పించి, ఇక్కడి 220-240 వోల్టుల `E27` బల్బు పెట్టుకోండి. ఇక్కడ కొన్న బల్బుని అక్కడికి పట్టుకెళ్ళేవాళ్ళకి నష్టం తక్కువే. మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు.

సీలింగ్ స్పాట్ లైటు సన్నటి సూదుల్లాంటి రెండు పిన్నులతో ఉండి, మధ్య ఎడం 5 మిల్లీమీటర్ల చిల్లర అయితే అది `GU5.3`. దానికి పైన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి 12 వోల్టులు ఇస్తుంది. దాన్ని 230 వోల్టుల దానితో మార్చలేరు. 12 వోల్టుల ఎల్‌ఈడీయే తేవాలి. హాలోజన్ కోసం పెట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్ని ఎల్‌ఈడీకి సరిపోవు, లోడు చాలక ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. అలా జరిగితే తప్పు బల్బుది కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా ఎల్‌ఈడీ డ్రైవర్‌తో, అంటే ఎల్‌ఈడీకి సరిపడే కరెంటు ఇచ్చే పరికరంతో, మార్చాలి.

వాట్లు కరెంటు ఖర్చు, ల్యూమెన్లు వెలుగు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "పాతది 60 వాట్లు, కొత్తది 9 వాట్లు, ఏం సరిపోతుంది?" అనే అనుమానం సహజం. వాటేజీ అంటే బల్బు తాగే కరెంటు, అంతే. అది ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. డబ్బా మీద `lm` అని రాసి ఉండేది అదే. పాత ఫిలమెంట్ బల్బు తాగిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. 40 వాట్లది 400కి కాస్త పైన, 100 వాట్లది 1300కి పైన.

ఇప్పుడు షాపుల్లో దొరికే మంచి ఎల్‌ఈడీ వాటుకి దాదాపు 90 నుంచి 110 ల్యూమెన్లు ఇస్తుంది. కాబట్టి 60 వాట్ల ఫిలమెంట్ బదులు 7 నుంచి 9 వాట్లు, 100 వాట్ల దాని బదులు 14 వాట్ల ప్రాంతం, 40 వాట్ల దాని బదులు 5 వాట్లు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద ఇంటింటికీ చేరిన ఎల్‌ఈడీ బల్బుల్లో ఎక్కువ 9 వాట్లవే. అందుకే చాలామందికి "ఎల్‌ఈడీ అంటే తొమ్మిది" అని నాటుకుపోయింది. చిన్న గదికి అది సరైనదే. పెద్ద హాల్లో 100 వాట్ల బల్బు ఉన్నచోట 9 పెడితే మాత్రం "ఎల్‌ఈడీలో వెలుగే ఉండదు" అనిపిస్తుంది. అది ఎంపికలో జరిగిన తప్పు.

మెలికలు తిరిగిన సీఎఫ్‌ఎల్ తీసి ఎల్‌ఈడీ పెడుతుంటే లెక్క వేరు. సీఎఫ్‌ఎల్ వాటుకి 55 నుంచి 60 ల్యూమెన్లు ఇచ్చేది. ఒక ఉదాహరణ చూద్దాం. వరండాలో మాడిన సీఎఫ్‌ఎల్ మెడ మీద `15W B22d 865` అని ఉందనుకోండి. 15ని 55తో, 60తో గుణిస్తే 825 నుంచి 900 వస్తుంది. అంటే 900 ల్యూమెన్ల 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. ఫిలమెంట్ లెక్కలో పోయి "15కి రెండో మూడో చాలు" అనుకుంటే వరండా చీకటవుతుంది. "15కి 15" అని తెస్తే వెలుగు అవసరానికి మించుతుంది.

ఆ `865` కూడా వెలుగు గురించి చెప్పే కోడే, ట్యూబ్‌లైట్ల మీద కూడా ఇదే పద్ధతి. మొదటి అంకె రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెబుతుంది. 8 అంటే నూటికి 80 దాటిన మార్కు, 7 అంటే 70 దాటిన మార్కు. చీరల కొట్టులో, వంటింట్లో ఈ తేడా కంటికి తెలుస్తుంది. మిగిలిన రెండు అంకెలకి రెండు సున్నాలు కలిపితే వెలుగు రంగు వస్తుంది. 65 అంటే `6500K`, మనం తెల్ల వెలుగు అనేది. 27 లేదా 30 అంటే పాత ఫిలమెంట్ బల్బులాంటి పసుపు వెలుగు. 40 మధ్యరకం. ఒకే హాల్లో మూడు లైట్లుండి ఒకటి పోతే, వాట్ల కన్నా ముందు ఈ అంకె కలవాలి. 6500ల పక్కన 3000 పెడితే గోడకి మరకలు పడ్డట్టు కనిపిస్తుంది.

డబ్బా మీద పెద్దగా రాసిన "60 వాట్లకి సమానం" లాంటి మాటని పక్కన పెట్టి, చిన్న అక్షరాల్లో ఉన్న `lm` అంకెనే నమ్మండి. అది అసలు లేకపోతే ఆ బల్బు కొనవద్దు. దానితోపాటు `IS 16102` అనే సంఖ్య, `R-` తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ దగ్గర తప్పనిసరిగా నమోదు చేయించాల్సిన వస్తువు ఇది. స్టార్ లేబుల్ కూడా ఉంటే ఒకే వాటేజీ ఉన్న రెండింటిలో ఏది ఎక్కువ వెలుగిస్తుందో పోల్చుకోవచ్చు.

ఇంకొక మాట, మూసి ఉన్న గాజు గ్లోబు గురించి. గ్లోబు మీద `Max 60W` అని ఉంటే అది ఫిలమెంట్ వేడి కోసం పెట్టిన హద్దు. 9 వాట్ల ఎల్‌ఈడీతో గ్లోబుకి ప్రమాదమేమీ లేదు, ప్రమాదం ఎల్‌ఈడీకే. గాలి ఆడని చోట దాని లోపలి డ్రైవర్ వేడెక్కి, అందులోని చిన్న కెపాసిటర్ ఎండిపోతుంది. మొదట వెలుగు వణకడం, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆరిపోవడం ఇలాగే జరుగుతుంది. మూసిన గ్లోబులో 9 వాట్లు దాటకండి. అంతకన్నా వెలుగు కావాలంటే కింద తెరిచి ఉన్న షేడ్ పెట్టండి.

ట్యూబ్‌లైటు: ముందు లావు, తర్వాత పొడవు

ట్యూబు మీద రాత ఒక చివర దగ్గర గుండ్రంగా ఉంటుంది. `T8`, `36W`, `765` లాంటివి కనిపిస్తాయి. `T` తర్వాతి అంకె లావుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతుంది. `T8` అంటే ఎనిమిది ఎనిమిదో వంతులు, అంటే ఒక అంగుళం. `T12` అంటే అంగుళంన్నర, `T5` అంటే అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులు. రాత చెరిగిపోతే ఇక్కడా దారమే: చుట్టుకొలత 12 సెంటీమీటర్లు వస్తే `T12`, 8 వస్తే `T8`, 5 వస్తే `T5`.

`T12`, `T8` రెండింటికీ చివర్ల పిన్నుల మధ్య ఎడం 13 మిల్లీమీటర్లే, ఆ క్యాప్ పేరు `G13`. అందుకే పాత లావు 40 వాట్ల ట్యూబు పట్టీలో సన్నటి 36 వాట్లది ఎక్కేది, ఇప్పుడు `T8` ఎల్‌ఈడీ ట్యూబు కూడా ఎక్కుతుంది. `T5`కి ఆ ఎడం 5 మిల్లీమీటర్లు, పేరు `G5`. పొడవు కూడా తేడానే. నాలుగు అడుగుల `T8` సుమారు 1200 మిల్లీమీటర్లు, 28 వాట్ల `T5` 1149. కాబట్టి ఒకదాని పట్టీలో ఇంకొకటి ఏ విధంగానూ పట్టదు. పొడవుని చివర పిన్నులు వదిలేసి కొలవండి.

షాపులో "టీ5 ఎల్‌ఈడీ" అని అడిగితే చాలాసార్లు వచ్చేది ట్యూబు కాదు, బ్యాటెన్. పట్టీ, లైటు ఒకటిగా అతికి ఉండి, చివర రెండు వైర్లు బయటికి వస్తాయి. గోడకి క్లిప్పులు బిగించి అందులో నొక్కేస్తారు. ఇంట్లో ఉన్నది ఇదే అయితే లోపలి ట్యూబు మార్చే పని ఉండదు. పాతదాన్ని మొత్తం తీసి కొత్తది పెట్టడమే. అదే పొడవు, అదే ల్యూమెన్లు, అదే రంగు చూసుకుంటే చాలు.

వెలుగు లెక్కకి వస్తే, 36 వాట్ల పాత ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు `765` రంగులో దాదాపు 2500 ల్యూమెన్లు ఇచ్చేది. కానీ అది చుట్టూ అన్నివైపులా వెదజల్లేది, సగం వెనక పట్టీ మీద, గోడ మీద, సీలింగ్ మీద పడేది. ఎల్‌ఈడీ ట్యూబు ముందుకే వేస్తుంది. అందుకని 2000 ల్యూమెన్ల 18 లేదా 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుతో నేల మీద, బల్ల మీద వెలుగు పాతదానికి తగ్గినట్టు అనిపించదు. సీలింగ్ మాత్రం కాస్త చీకటిగా కనిపిస్తుంది. పాత పట్టీలో ట్యూబు 36 వాట్లు తాగితే ఇనుప చోక్ ఇంకో 10 వాట్ల దాకా తాగేది. ఆ ఖర్చు కూడా తగ్గుతుంది.

పట్టీలో ఏముందో చూడకుండా ఎల్‌ఈడీ ట్యూబు కొనకండి

అసలు చిక్కు ఇక్కడుంది. పాత ట్యూబు నేరుగా 230 వోల్టుల మీద నడవదు. దానికి చోక్ కావాలి. ఎల్‌ఈడీ ట్యూబుకి చోక్ అవసరం లేదు, డ్రైవర్ దాని లోపలే ఉంటుంది. కాబట్టి ట్యూబు మార్చేటప్పుడు పట్టీలోని చోక్, స్టార్టర్ ఏం చేయాలన్నది తేల్చుకోవాలి.

మీ పట్టీ ఏ రకమో ఇలా తెలుసుకోండి. పక్కన వేలెడు గుండ్రటి స్టార్టర్ ఉండి, స్విచ్ వేశాక ట్యూబు రెండు మూడుసార్లు మిణికి వెలిగేదైతే అది ఇనుప చోక్. చోక్ చేతిలో బరువుగా, చిన్న ఇటుకలా ఉంటుంది. స్టార్టర్ లేకుండా వేసిన వెంటనే వెలిగేదైతే, తేలికపాటి డబ్బాలోంచి రెండు చివర్లకీ రెండేసి వైర్లు పోతుంటే అది ఎలక్ట్రానిక్ చోక్. ఎలక్ట్రానిక్ చోక్ మీద మామూలు ఎల్‌ఈడీ ట్యూబు పెట్టకండి. ఆ చోక్ ఇచ్చేది చాలా ఎక్కువ వేగంతో అటూ ఇటూ మారే కరెంటు, ట్యూబులోని డ్రైవర్ దానికి తయారైంది కాదు. చోక్ తీసేసి నేరుగా వైరింగ్ చేయాల్సిందే.

ఇక ఎల్‌ఈడీ ట్యూబుల్లో రెండు జాతులున్నాయి, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదానికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలి. ఆ చివర `L N` అనో `INPUT` అనో రాసి ఉంటుంది. రెండో చివర పిన్నులు పట్టుకోవడానికే. ఇంకోదానికి ఒక చివర ఫేజు, మరో చివర న్యూట్రల్. డబ్బా మీద చిన్న వైరింగ్ బొమ్మ ఉంటుంది, దాన్ని చూడకుండా పారేయకండి. బొమ్మ లేకపోతే మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. ట్యూబుని బయట పెట్టి ఒక చివర రెండు పిన్నుల మధ్య కంటిన్యుయిటీ, అంటే అవి లోపల కలిసి ఉన్నాయో లేదో, చూడండి, తర్వాత రెండో చివర చూడండి. రెండు చివర్లలోనూ మీటరు కూస్తే, ప్రతి చివర పిన్నులు లోపల కలిసి ఉన్నాయన్నమాట. అది రెండు చివర్ల కరెంటు జాతి. ఒక చివర కూసి ఇంకో చివర కూయకపోతే, కూయని చివరే కరెంటు ఇవ్వాల్సింది.

ఈ పరీక్ష ఎందుకంత ముఖ్యమో చూడండి. ఒకే చివర ఫేజు, న్యూట్రల్ ఇచ్చేలా పట్టీ వైరింగ్ మార్చి ఉందనుకోండి. అందులోకి పిన్నులు లోపల కలిసిన రెండో జాతి ట్యూబు పెడితే ఫేజు, న్యూట్రల్ నేరుగా తగులుతాయి. పెట్టిన క్షణమే చప్పుడుతో ఎంసీబీ పడుతుంది, హోల్డర్ నల్లబడుతుంది. మొదటి జాతి ట్యూబుని తిప్పి పెట్టినా ఇదే జరగవచ్చు, దాని రెండో చివర పిన్నులు కలిసి ఉంటాయి గనక.

వంటింటి పాత పట్టీ: ఒక మార్పు మొదటి నుంచి చివరి దాకా

వంటింట్లో ఇనుప చోక్, స్టార్టర్ ఉన్న పట్టీ. ట్యూబు మీద `T8 36W/765`. దారం 8 సెంటీమీటర్లు, పొడవు 1200. కొనాల్సింది నాలుగు అడుగుల `T8`, `G13`, 18 లేదా 20 వాట్లు, 2000 ల్యూమెన్లు, `6500K`, 220-240 వోల్టుల ఎల్‌ఈడీ ట్యూబు. వైరింగ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే డబ్బాలో "ఎల్‌ఈడీ స్టార్టర్" కూడా ఉన్న రకం అడగండి.

ఎంసీబీ దించండి. టెస్టరుతో హోల్డర్ పిన్నుల దగ్గర ఫేజు లేదని చూడండి. పాత ట్యూబుని రెండు చేతులతో పట్టుకుని పావు వంతు తిప్పి కిందికి లాగండి. ఇందులో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్ళండి. తర్వాత చీపురుతో ఊడ్వకుండా గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, తడి గుడ్డతో తుడిచి, అన్నీ మూత ఉన్న డబ్బాలో వేయండి.

ఇప్పుడు పాత స్టార్టర్ తీసేసి దాని బదులు ఎల్‌ఈడీ స్టార్టర్ పెట్టండి. చూడటానికి అలాగే ఉన్నా దాని లోపల ఉండేది ఒక ఫ్యూజు, అంతే. ఇది ఎలా పని చేస్తుందంటే, పట్టీలో ఫేజు చోక్ గుండా ఒక చివరి పిన్నుకి, న్యూట్రల్ రెండో చివరి పిన్నుకి వస్తాయి. ఆ రెండు చివర్లలో మిగిలిపోయిన పిన్నుల్ని స్టార్టర్ కలుపుతుంది. ట్యూబులో కూసే చివర పిన్నులు లోపల కలిసి ఉన్నాయి కాబట్టి, అక్కడికి వచ్చిన వైరు స్టార్టర్ మీదుగా కూయని చివరి రెండో పిన్నుకి చేరుతుంది. అలా ఫేజు, న్యూట్రల్ రెండూ డ్రైవర్ ఉన్న చివరికి అందుతాయి. కాబట్టి ఈ పద్ధతిలో ట్యూబు ఏ వైపు తిప్పి పెట్టినా వెలుగుతుంది. పాత స్టార్టర్‌నే ఉంచేస్తే మాత్రం ట్యూబు అసలు వెలగకపోవచ్చు, లేదా కొట్టుకుంటూ ఉండవచ్చు. "కొత్త ట్యూబు కూడా పాడైంది" అని వెనక్కి ఇచ్చే ముందు స్టార్టర్ మార్చారో లేదో చూడండి.

చోక్ అలాగే ఉండిపోతే కాస్త గుయ్ మంటుంది, కాస్త కరెంటు కూడా తింటుంది. దాన్ని తీసేయాలంటే ఎలక్ట్రీషియన్ చేత చోక్, స్టార్టర్ హోల్డర్ రెండూ వైరింగ్ నుంచి విడదీయించి, ట్యూబు జాతిని బట్టి నేరుగా కలిపించండి. రెండు చివర్ల జాతి అయితే పనయ్యాక ఒక జాగ్రత్త ఉంది. అలాంటి ట్యూబు పెట్టేటప్పుడు ఒక చివర హోల్డర్‌లో దూరి ఫేజు తగిలితే, ఇంకా దూరని రెండో చివర పిన్నులకి డ్రైవర్ గుండా కరెంటు రావచ్చు. మీ వేళ్ళు అక్కడే ఉంటాయి. దాన్ని ఎప్పుడు మార్చినా, దులపడానికి తీసినా ఎంసీబీ దించే తీయాలి.

నేరుగా వైరింగ్ చేసిన పట్టీ లోపల, కంటికి కనిపించే చోట, మార్కరుతో "చోక్ లేదు, నేరుగా 230 వోల్టులు, ఎల్‌ఈడీ ట్యూబు మాత్రమే" అని రాసి, ఫేజు ఏ చివర ఉందో బాణం గుర్తు వేయండి. నాలుగేళ్ళ తర్వాత అద్దెకి వచ్చినవాళ్ళు అటక మీద దొరికిన పాత 36 వాట్ల ట్యూబుని తెచ్చి అందులో పెట్టకుండా ఆపేది ఆ రాతే.

ఎంసీబీ వేసి స్విచ్ వేయండి. వెలిగాక ఆపి, గది చీకటి చేసి ట్యూబు వంక చూడండి. సన్నగా మెరుస్తూ ఉంటే స్విచ్‌లోని ఎర్ర ఇండికేటర్ గుండా కొద్దిపాటి కరెంటు పారుతోందన్నమాట, లేదా స్విచ్ న్యూట్రల్ మీద ఉంది. ముందు ఇండికేటర్ లేని స్విచ్ పెట్టి చూడండి. అప్పటికీ మెరుపు పోకపోతే స్విచ్‌ని ఫేజు మీదికి మార్పించాలి.